రోజు విడిచి రోజు మధ్యాహ్నం మూడింటికి వణుకు జ్వరం, మలేరియా టెస్ట్ నెగటివ్. టైఫాయిడ్ మందులే వాడుతూ ఉండాలా?

అనిత_మల్కాజిగిరి · గురువారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. కోకాపేట దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్, అక్కడే షెడ్డులో పడుకుంటాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఉన్నట్టుండి చలి మొదలైంది. మామూలు చలి కాదు, పళ్లు టకటకలాడుతున్నాయి, మంచం కిర్రుకిర్రుమంటోంది, రెండు రగ్గులు కప్పి పైన నేను అదిమి పట్టుకుని కూర్చున్నా ఆగలేదు. ముప్పావుగంటకి వణుకు తగ్గి ఒళ్లు కాలిపోయింది, 104. రాత్రి ఎనిమిదింటికి చెమటలు పట్టాయి, బనియన్ పిండితే నీళ్లు కారేలా. అంతే, జ్వరం దిగిపోయింది. మంగళవారం పొద్దున ఇడ్లీ తిని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, ఏమీ జరగనట్టే. నిన్న బుధవారం మళ్లీ అదే తంతు, అదే మూడింటికి.

మంగళవారం దగ్గర్లోని క్లినిక్‌లో చూపించాం. వైడాల్ 1:160 వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. మలేరియా కార్డు టెస్ట్ నెగటివ్. ప్లేట్‌లెట్లు 92 వేలు. సెఫిక్సీమ్, పారాసిటమాల్ ఇచ్చారు. లెక్క ప్రకారం రేపు మళ్లీ రావాలి, నాకు టెన్షన్‌గా ఉంది. అమ్మేమో మందు మొన్నే మొదలుపెట్టాం కదా, ఐదు రోజులు చూద్దాం అంటోంది. ఆగొచ్చా?

కూకట్‌పల్లి కిరణ్ · 6:58

అక్కా, డౌటే లేదు, మలేరియా. చలిజ్వరం అంటే ఇదే. టెస్ట్ ఎందుకు నెగటివ్ వచ్చిందంటే మీరు జ్వరం లేని రోజు తీయించారు. వణుకు వచ్చినప్పుడే రక్తం తీయాలి, లేకపోతే పురుగు దొరకదు. రేపు మూడింటిదాకా ఆగి, చలి మొదలవగానే ఆటో ఎక్కించండి. అదీ కుదరకపోతే క్లోరోక్విన్ మాత్రలు మందుల షాపులో అడగండి, మా బాబాయి ప్రతి వానాకాలం అదే వేసుకుంటాడు, ఈ టెస్టుల గోల ఉండదు.

తార్నాక తాతగారు · 7:15

మా వీధిలో ఫాగింగ్ చేసి రెండు నెలలైంది. ఫోన్ చేస్తే వస్తాం అంటారు, రారు. కాలువ కంపు. ముందు దాని సంగతి ఎవరైనా చూడండి.

అనిత_మల్కాజిగిరి · 7:22

తాతగారూ, నేను అడిగింది తమ్ముడి జ్వరం గురించి అండీ.

స్లైడ్ బాబాయి · 8:05

అమ్మా అనితా, నేను డాక్టర్‌ని కాదు. 31 ఏళ్లు ప్రభుత్వ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నవాణ్ణి. తెలిసింది చెబుతాను, మందు సంగతి మాత్రం డాక్టరే చూడాలి.

ఐదు రోజులు ఆగొద్దు. రేపు మూడింటిదాకా కూడా ఆగొద్దు, పొద్దున్నే వెళ్లి స్లైడ్ తీయించండి. కిరణ్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరి, అక్కడే పెరిగి, పిల్లలు పెట్టి, కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కోట్ల కణాలు ఒకేసారి పగిలితే వచ్చేదే ఆ వణుకు. వైవాక్స్ అనే రకానికి ఈ చక్రం 48 గంటలు, అందుకే సోమ, బుధ, శుక్ర అని టైమ్‌టేబుల్ పెట్టుకున్నట్టు వస్తుంది. అయితే వైవాక్స్ చిన్నదైనా పెద్దదైనా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, జ్వరం లేని గంటలో తీసినా స్లైడ్ మీద కనిపిస్తుంది. వణుకు వచ్చాక తీస్తే దొరికే అవకాశం కాస్త ఎక్కువ, నిజమే. దానికోసం ఒక రోజు పోగొట్టుకోవడం మాత్రం తప్పు. ఇప్పుడొకటి, జ్వరం వచ్చాక ఇంకొకటి తీయించుకుంటే సరిపోతుంది కదా.

ఇక ఆ కార్డు టెస్ట్. రక్తంలో క్రిములు తక్కువగా ఉన్నప్పుడు, ముఖ్యంగా మొదటి రెండు మూడు రోజుల్లో, దానికి అందవు. ఎండలో పెట్టిన డబ్బాలోంచి తీసిన కిట్ అయితే ఇంకా నమ్మలేం. కొన్ని కిట్లు ఫాల్సిపేరం అనే ఇంకో రకాన్ని మాత్రమే పట్టుకుంటాయి, వైవాక్స్ ఎంత ఉన్నా గీత రాదు. మీ కార్డు ఫోటో ఉంటే చూడండి, దాని మీద Pf అని ఒకటే ఉందా, Pv కూడా ఉందా?

అనిత_మల్కాజిగిరి · 8:31

ఫోటో లేదు బాబాయ్, రిపోర్ట్‌లో "మలేరియా: నెగటివ్" అని ఒక లైను మాత్రం ఉంది. మరి వైడాల్ పాజిటివ్ వచ్చింది కదా, టైఫాయిడ్ కాదంటారా?

స్లైడ్ బాబాయి · 8:52

కాదని నేను ఎలా చెప్పగలను? వైడాల్ చూసి అవునని మాత్రం చెప్పలేం. మన ఊళ్లలో పానీపూరీ తిన్న ప్రతివాడికీ ఒంట్లో ఎప్పటిదో పాత గుర్తు ఉంటుంది, 1:160 చూస్తే నాకు ఆశ్చర్యమే వేయదు. మలేరియా ఉన్నప్పుడు కూడా వైడాల్ పెరగడం చాలాసార్లు చూశాను. టైఫాయిడ్ తేల్చాలంటే యాంటీబయాటిక్‌కి ముందే బ్లడ్ కల్చర్ తీయాలి. పైగా టైఫాయిడ్ జ్వరం రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరిగి అలాగే నిలబడుతుంది, ఒక రోజు పూర్తిగా సెలవు తీసుకుని మర్నాడు మూడింటికి డ్యూటీకి రాదు.

సెఫిక్సీమ్ మలేరియాని తగ్గించదు, స్లైడ్‌కీ అడ్డం రాదు, అదొక అదృష్టం. డాక్సీసైక్లిన్ లాంటిది ఇచ్చి ఉంటే క్రిములు సగం అణిగి మాకు కనిపించకుండా పోయేవి. కిరణ్ చెప్పిన క్లోరోక్విన్ కూడా అంతే. రెండు మాత్రలు మింగి వచ్చినవాళ్ల స్లైడ్ మీద గంటసేపు వెతికినా ఏమీ దొరకదు, రోగం మాత్రం లోపలే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ నెలలో తమ్ముడు ఎక్కడికైనా వెళ్లాడా? అడవి ప్రాంతాలు, ఏజెన్సీ వైపు?

అనిత_మల్కాజిగిరి · 9:04

అయ్యో, చెప్పడం మర్చిపోయాను. మూడు వారాల క్రితం స్నేహితుడి పెళ్లికి భద్రాచలం అవతల ఒక పల్లెకి వెళ్లి రెండు రాత్రులు ఉన్నాడు, ఆరుబయటే పడుకున్నారట. క్లినిక్‌లో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

స్లైడ్ బాబాయి · 9:10

రేపు డాక్టర్‌కి చెప్పాల్సిన మొదటి మాట అదే. అక్కడ ఫాల్సిపేరం కూడా ఉంటుంది. దానికి ఇలా రోజు విడిచి రోజు అన్న నియమం ఉండాలని లేదు, రోజూ రావచ్చు, అడ్డదిడ్డంగా రావచ్చు. మెదడుకి, కిడ్నీకి ఎక్కేది ప్రధానంగా అదే. దానికి క్లోరోక్విన్ పనికిరాదు, మందు వేరు. అందుకే అంటున్నాను, ఏ రకమో పేరు తెలియకుండా మాత్ర వేయకూడదు.

వరుణ్_బి · 9:26

ప్లేట్‌లెట్లు 92 వేలు అంటున్నారు, అందరూ మలేరియా మలేరియా అంటారేంటి? డెంగీ అది. బొప్పాయి ఆకు రసం తాగించండి. ఒకసారి నెగటివ్ వచ్చాక మళ్లీ అదే టెస్ట్ చేయించడం డబ్బు దండగ.

నర్స్ స్వప్న · 9:40

వరుణ్ గారూ, మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చాలామందికి లక్ష లోపే ఉంటాయి. ఆ అంకె ఒక్కటి చూసి డెంగీ అనలేం, కాదనీ అనలేం. డెంగీ టెస్ట్ కూడా చేయించమనండి, రెండూ కలిసి ఉన్నవాళ్లనూ చూశాం. డబ్బు మాటకొస్తే, మలేరియా టెస్ట్, మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. బస్తీ దవాఖానాలో అడగండి, లేదంటే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉండనే ఉంది.

అనిత గారూ, ఈలోగా ఇంట్లో చేయాల్సింది చెబుతాను. వణుకుతున్నప్పుడు తడిగుడ్డ వేయకండి, ఇంకా వణుకుతాడు. అప్పుడు రగ్గు కప్పండి, గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా ఇవ్వండి. ఒళ్లు కాలడం మొదలయ్యాక రగ్గు తీసేసి, ఫ్యాన్ వేసి, మామూలు నీళ్లతో తుడవండి. ఐస్ నీళ్లు వద్దు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది దీన్ని తలకిందులుగా చేస్తారు, చలిలో తడిగుడ్డ, మంటలో మూడు దుప్పట్లు.

పారాసిటమాల్ 650 ఒకటి, మళ్లీ వేయాలంటే ఆరు గంటలు ఆగాలి, రోజుకి నాలుగు దాటకూడదు. చలి మొదలవగానే కంగారులో ఒకటి, కాసేపటికి ఇంకొకటి అలా వేయకండి. ఒళ్లు నొప్పులని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఇవ్వకండి, డెంగీ కాదని తేలేదాకా అసలు వద్దు. చెమటలో నీరు, ఉప్పు బాగా పోతాయి, ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలిపి పెట్టుకోండి, సగం ప్యాకెట్ గ్లాసులో వేయడం కాదు. ఆకలి లేదన్నా గంజో, మజ్జిగన్నమో కొంచెం కొంచెం పెట్టండి, ఈ జ్వరంలో కడుపు మాడ్చుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఎంత తాగాడన్నదానికంటే మూత్రం ఎన్నిసార్లు వెళ్లాడో గమనించండి.

మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం వచ్చినా, మూత్రం నల్లటీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఎక్కడైనా రక్తం కనిపించినా, తాగింది తాగినట్టు వాంతి అయిపోతున్నా, లేచి కూర్చోలేకపోయినా స్లైడ్ రిపోర్ట్ కోసం ఇంట్లో ఎదురుచూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎల్బీనగర్ పద్మజ · 10:12

నా గోడు కూడా వినండి. నాకు పోయినేడు జూలైలో ఇదే వచ్చింది, స్లైడ్‌లో వైవాక్స్ అని తేలింది. మూడు రోజుల మాత్రలకి జ్వరం పోయింది. తర్వాత ప్రైమాక్విన్ 14 రోజులు వాడమన్నారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో తిప్పేది, జ్వరం లేదు కదా అని ఐదో రోజు మానేశాను. అక్టోబరులో, బతుకమ్మ రోజుల్లో, పేర్చిన బతుకమ్మ పక్కనే వణికిపోతూ కూలబడ్డాను. మళ్లీ దోమ కుట్టిందేమో అనుకున్నా. డాక్టర్ చెప్పిందేంటంటే, వైవాక్స్ కొన్నింటిని లివర్‌లో నిద్రపుచ్చి ఉంచుతుందట, అవి నెలల తర్వాత లేస్తాయట. మూడు రోజుల మాత్ర వాటిని ముట్టుకోదు, 14 రోజులదే ముట్టుకుంటుంది. రెండోసారి అన్నం తిన్న వెంటనే వేసుకున్నాను, ఒక్క రోజూ మానలేదు. ఇప్పటిదాకా రాలేదు.

కూకట్‌పల్లి కిరణ్ · 10:20

అంటే మా బాబాయికి ప్రతి వానాకాలం వచ్చేది కొత్తది కాదా??

స్లైడ్ బాబాయి · 10:34

కావచ్చు, కాకపోవచ్చు, స్లైడ్ ఒక్కసారైనా తీయిస్తే కదా అది మలేరియానో కాదో తెలిసేది. మీ బాబాయిని నా దగ్గరికి పంపు నాయనా.

సరదాకి ఒక మాట. రొనాల్డ్ రాస్ ఈ క్రిమిని దోమ పొట్టలో మొదటిసారి చూసింది 1897 ఆగస్టు 20న, ఇక్కడే సికింద్రాబాద్‌లో. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆ ఊళ్లోనే కూర్చుని మనం వైడాల్‌తో సరిపెట్టుకుంటున్నాం.

ఉప్పల్ రాజేశ్వరి · 10:50

మా అత్తగారికి ఇలాగే వణుకు జ్వరం వస్తే మూడు స్లైడ్లు తీశారు, మూడూ నెగటివ్. చివరికి చూస్తే కిడ్నీలో ఇన్‌ఫెక్షన్. ఆవిడకి షుగర్ ఉంది. అందుకని మలేరియా ఒక్కదాని మీదే కూర్చోకండి, మూత్రం టెస్ట్ కూడా చేయించండి.

నర్స్ స్వప్న · 10:57

మంచి మాట చెప్పారు. మొదటి స్లైడ్ నెగటివ్ అయితే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకో రెండు తీస్తారు. మూడూ నెగటివ్ అయితే అప్పుడు గట్టిగా వేరే కారణాలు వెతుకుతారు. మూత్రం, కల్చర్ లాంటివి మొదటి రోజే పంపితే ఇంకా నయం.

అనిత_మల్కాజిగిరి · శుక్రవారం మధ్యాహ్నం 12:15

పొద్దున ఎనిమిదిన్నరకి తీసుకెళ్లాం. భద్రాచలం సంగతి చెప్పగానే డాక్టర్ పెన్ను పక్కన పెట్టి వివరంగా అడిగారు. ఎడమచేతి ఉంగరం వేలు పొడిచి, గాజు పలక మీద ఒకపక్క పెద్ద చుక్క వేసి గుండ్రంగా తిప్పారు, ఇంకోపక్క చిన్న చుక్క వేసి ఇంకో పలకతో నాలుకలా సాగదీశారు. డెంగీకి, మూత్రానికి, కల్చర్‌కి కూడా తీసుకున్నారు. స్లైడ్ రిపోర్ట్ సాయంత్రం ఇస్తామన్నారు. బాబాయ్, రెండు చుక్కలు ఎందుకు?

స్లైడ్ బాబాయి · 12:40

పెద్ద చుక్కలో రక్తం మందంగా ఉంటుంది, తక్కువ క్రిములున్నా దొరుకుతాయి. అందులో ఉందా లేదా చూస్తాం. పల్చగా సాగదీసినదాంట్లో కణాలు విడివిడిగా, ఆకారం చెడకుండా ఉంటాయి, అందులో ఏ రకమో చూస్తాం. వైవాక్స్ దూరిన కణం పక్కవాటికంటే ఉబ్బి పెద్దదిగా ఉంటుంది, లోపల సన్నటి గులాబీ చుక్కలు. ఫాల్సిపేరం అయితే కణం ఉబ్బదు, సన్నటి ఉంగరాలు కనిపిస్తాయి, ఒకే కణంలో రెండు కూడా ఉండొచ్చు. కనీసం వంద ఫీల్డులు చూడకుండా నెగటివ్ రాయకూడదు. రద్దీ ల్యాబుల్లో ఇరవై చూసి రాసేసేవాళ్లు ఉన్నారు, మా వృత్తి గురించి నేనే చెబుతున్నాను.

అనిత_మల్కాజిగిరి · రాత్రి 9:05

వైవాక్స్ పాజిటివ్. ఫాల్సిపేరం కనిపించలేదు. డెంగీ నెగటివ్.

రిపోర్ట్ చేతికి వచ్చేసరికి వణుకు కూడా వచ్చింది, ఈసారి మూడు కాదు, రెండున్నరకే. అప్పుడే ఇంకో స్లైడ్ తీశారు. స్వప్న గారు చెప్పినట్టే రగ్గు కప్పాం, తర్వాత తీసేసి తుడిచాం, 103.6 దాకా వెళ్లి దిగింది. క్లోరోక్విన్ అతని బరువు చూసి మూడు రోజులకి లెక్కకట్టి ఇచ్చారు, మొదటి మోతాదు అక్కడే మింగించి అరగంట కూర్చోబెట్టారు, వాంతి చేసుకుంటాడేమోనని. సెఫిక్సీమ్ ఆపమన్నారు. ప్రైమాక్విన్ మాత్రం జీ6పీడీ రిపోర్ట్ వచ్చాక అన్నారు. అదేంటి మళ్లీ?

నర్స్ స్వప్న · 9:30

కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ తక్కువ ఉంటుంది. వాళ్లు ప్రైమాక్విన్ వేసుకుంటే ఎర్రకణాలు విరిగిపోతాయి, మూత్రం నల్లబడుతుంది. అందుకే ముందు చూస్తున్నారు. గర్భిణులకి ఆ మాత్ర ఇవ్వరు. రిపోర్ట్ బాగుందన్నా, మాత్ర వాడే రోజుల్లో మూత్రం రంగు చూసుకోమనండి, నల్లటీలా కనిపిస్తే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎల్బీనగర్ పద్మజ · 9:41

నాకు ఈ టెస్ట్ చేయలేదే! మూత్రం నల్లబడితే రమ్మని చెప్పి నేరుగా మాత్రలు ఇచ్చేశారు.

నర్స్ స్వప్న · 9:55

అలా గమనించుకోమని చెప్పి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, టెస్ట్ అన్ని చోట్లా దొరకదు. మా డాక్టర్లలోనే ఇద్దరిది రెండు పద్ధతులు. నాకైతే టెస్ట్ చేస్తేనే నిద్ర పడుతుంది.

వరుణ్_బి · 10:10

సరే, డెంగీ కాదు. ప్లేట్‌లెట్లు ఎక్కించరా మరి?

స్లైడ్ బాబాయి · 10:18

రక్తస్రావం లేకుండా 92 వేలకి ఎవరూ ఎక్కించరు. క్రిమి పోతే అవే పెరుగుతాయి. బొప్పాయి ఆకు చెట్టుకే ఉండనీ.

అనిత_మల్కాజిగిరి · ఆదివారం సాయంత్రం 5:20

ఇవాళ మూడింటికి అందరం థర్మామీటర్ పట్టుకుని అతని చుట్టూ కూర్చున్నాం. కొంచెం చలిగా ఉందన్నాడు, 99.8, అంతకంటే పోలేదు. ఉప్మా అడిగి తిన్నాడు. మూడో రోజు మోతాదు అయిపోయింది. జీ6పీడీ రేపు వస్తుందట. ప్రైమాక్విన్ 14 రోజుల మాత్రలకి అమ్మ క్యాలెండర్ మీద ఇప్పుడే గళ్లు గీసి పెట్టింది, పద్మజ గారి కథ చదివి వినిపించాను.

ఇది భద్రాచలంలో అంటుకుందా, సైట్‌లోనా?

స్లైడ్ బాబాయి · 5:48

తేల్చి చెప్పలేను తల్లీ. కుట్టిన పది పన్నెండు రోజుల నుంచి కొన్ని వారాల్లోపు బయటపడుతుంది, వైవాక్స్ అయితే నెలలు కూడా పట్టొచ్చు, కాబట్టి రెండూ కుదురుతాయి. నగరంలో దీన్ని మోసే దోమ మురికి కాలువలో పుట్టదు, తాతగారూ వింటున్నారా, మూతలేని ట్యాంకులు, సంపులు, సిమెంటు పనికి నిలవ చేసిన మంచినీళ్లు దానికి కావాలి. కట్టే బిల్డింగు కంటే మంచి చోటు దానికి దొరకదు. కుట్టేది రాత్రిళ్లు. మందు పూర్తయ్యేదాకా తమ్ముణ్ణి దోమతెరలోనే పడుకోబెట్టండి, లేకపోతే అతన్ని కుట్టిన దోమ మీ ఇంట్లో ఇంకొకరికి తెచ్చిపెడుతుంది. రెండు మూడు రోజుల్లో జ్వరం మళ్లీ పెరిగితే ఇంకో స్లైడ్ తీయించండి. షెడ్డులో ఇంకెవరికైనా జ్వరం ఉందా?

అనిత_మల్కాజిగిరి · 6:15

అడిగాను. ఇద్దరు కుర్రాళ్లకి వారంగా జ్వరం వచ్చి పోతోందట, షాపులో కొన్న మాత్రలు వేసుకుని పనికి వెళ్తున్నారు. కూలి పోతుందని ఆస్పత్రికి రామంటున్నారు. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేస్తే సైట్‌కే వచ్చి స్లైడ్లు తీస్తామన్నారు, లోపలికి రానివ్వాలంటే కాంట్రాక్టర్ ఒప్పుకోవాలి. పొద్దుటి నుంచి నాలుగుసార్లు చేశాను, ఫోన్ ఎత్తడం లేదు.